‘ఏమో’ పోయి ‘అట’ వచ్చి... లేని మనిషి మీద మాట ఎలా నడుస్తుంది

బెంగళూరులో మారతహళ్లి, మున్నెకొళాల, కె.ఆర్. పురం వైపు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లో చిట్‌ఫండ్ కంపెనీల బోర్డులు ఉంటాయి. వాటితో పాటు బోర్డు లేని చీటీలు కూడా నడుస్తుంటాయి. చిత్తూరు, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి వచ్చి పదేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్న ఒకావిడ, తెలిసినవాళ్లు ఇరవై మందిని కలిపి చీటీ వేస్తుంది. అందరూ ఆవిణ్ని ‘చీటీ అక్క’ అంటారు. రసీదు ఉండదు, ఒక నోటుబుక్కు ఉంటుంది. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే సిబిల్ స్కోరు చూస్తుంది. ఈ చీటీలో ఎవరిని చేర్చుకోవాలో, ఎవరి దగ్గర చేరాలో తేల్చేది మాత్రం పదిమంది నోటి మాటే. ‘ఆయన నెల నెలా సరిగ్గా కడతాడా?’, ‘ఆవిడ పోయినసారి చీటీ డబ్బు ఎన్ని రోజులకు చేతికిచ్చింది?’ అని అడగకుండా ఎవరూ చేరరు. ఆ మాటలన్నీ అక్కడ లేని మనిషి గురించే.

కాబట్టి ఎదుట లేనివాళ్ల గురించి మాట్లాడటమే తప్పు అని తీర్పు చెప్పేస్తే ఈ వ్యవహారం అర్థం కాదు. ఆ మాట లేకపోతే కూలి డబ్బు, జీతం డబ్బు దాచుకునేవాళ్లకు వేరే రక్షణ ఏదీ లేదు. అదే మాట ఒక మనిషిని నాలుగు రోజుల్లో వీధిన పడేయగలదు కూడా. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ఒక చీటీని లెక్కలతో సహా చూడాలి. ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణే. అయితే చీటీలు వేసిన అలవాటు ఉన్నవాళ్లకు ఇందులో కొత్తగా అనిపించేది ఏమీ ఉండదు.

ఇరవై మంది, నెలకు 5 వేలు, లక్ష రూపాయల చీటీ. మొదటి నెల చీటీ నడిపే ఆవిడది. నడిపినందుకు ఆవిడకు దక్కేది అదే, తర్వాత అందరిలాగే తన వాయిదా తాను కడుతుంది. రెండో నెల నుంచి పాట. డబ్బు అవసరం ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ తగ్గించి పాడుకుంటారు. ఆ తగ్గింపు ఇరవై మందికీ డివిడెండుగా పడుతుంది కాబట్టి వాయిదా ఆ మేరకు తగ్గుతుంది. పది నెలలు అయ్యేసరికి పది మంది చీటీ ఎత్తుకున్నారు, పది మందిది ఇంకా మిగిలే ఉంది. ఎత్తనివాళ్లు డివిడెండ్లు పోగా ఒక్కొక్కరు దాదాపు 43 వేలు కట్టి ఉంటారు. అందరిదీ కలిపితే 4 లక్షల 30 వేలు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ 4 లక్షల 30 వేలు చీటీ అక్క బీరువాలో లేవు. ఏ నెల వసూలైన డబ్బు ఆ నెలే పాడుకున్నవాళ్ల చేతికి వెళ్లిపోయింది. ఎత్తనివాళ్ల సొమ్ముకు పూచీ ఏమిటంటే, ఎత్తుకున్నవాళ్లు మిగతా పది నెలలూ కట్టడమే. చీటీ అంటే చేతిలో డబ్బు కాదు, ఇరవై మంది మధ్య నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకుని ఉన్న ముడి చీటీ అక్క.

ఇప్పుడు పదకొండో నెల. ఒక ఆదివారం పొద్దున ఎదురింటావిడ కిటికీలోంచి చూసింది. చీటీ అక్క ఇంటి ముందు టాటా ఏస్ ఆగి ఉంది. ఒక ఫ్రిజ్, ఒక బీరువా, రెండు సంచులు ఎక్కించారు. బండి వెళ్లిపోయింది. ఆవిడ చూసింది ఇంతే. అసలు సంగతి, చీటీ అక్క కొడుక్కి హోసూరులో ఉద్యోగం వచ్చింది, పాత సామాను అతని గదికి పంపారు. ఆ సాయంత్రమే మదనపల్లెలో దగ్గరి బంధువు పోయారని కబురొచ్చి ఆవిడా భర్తా ఊరెళ్లారు. చావింట్లో ఫోన్ సంచిలోనే ఉండిపోయింది.

సోమవారం నీళ్ల ట్యాంకర్ దగ్గర ఎదురింటావిడ పక్కింటావిడతో అంది: ‘నిన్న చీటీ అక్కవాళ్లు సామాన్లు పంపించారు. ఇల్లు ఖాళీ చేస్తున్నారేమో.’ పక్కింటావిడ సాయంత్రం తన చెల్లెలికి ఫోన్ చేసింది: ‘చీటీ అక్క ఇల్లు ఖాళీ చేస్తోందంట. ఫోన్ కూడా ఎత్తడం లేదు.’ చెల్లెలి భర్త ఆ రాత్రే చీటీ సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: ‘చీటీ అక్క ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఫోన్ ఆఫ్. అందరూ జాగ్రత్త.’

ఈ మూడు వాక్యాల్లో ఎవరూ కావాలని అబద్ధం ఆడలేదు. మార్పు అంతా వాక్యం చివర జరిగింది. మొదటి దానిలో ‘ఏమో’ ఉంది, అంటే అది నా ఊహ అని చెప్పడం. రెండో దానిలో ‘అంట’ ఉంది, అంటే నేను చూడలేదు, విన్నాను అని చెప్పడం. మూడో దానిలో ఏదీ లేదు. ‘వెళ్లిపోయింది’ అంటే జరిగిపోయిన సంగతి.

తెలుగు ఈ విషయంలో చాలా జాగ్రత్తగల భాష. చూసి చెప్పేదానికీ, విని చెప్పేదానికీ, ఊహించి చెప్పేదానికీ క్రియ చివర తేడా చూపించే వీలు మనకుంది. ‘వచ్చాడు’, ‘వచ్చాడట’, ‘వచ్చాడేమో’ అనే మూడూ వేర్వేరు బాధ్యతలు. కానీ ఈ ఏర్పాటులో ఒక చిల్లు ఉంది. ఒకరి ఊహను విన్నవాళ్లు దాన్ని ఇంకొకరికి చెప్పేటప్పుడు ‘ఖాళీ చేస్తున్నారేమోనట’ అనాలి. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, ఏదో హడావిడిలో చెప్పేవాళ్లెవరూ అలా అనరు. ‘ఏమో’ తీసేసి ‘అట’ ఒక్కటే పెడతారు. ఆ ‘అట’ వెనక ఉన్న మొదటి మనిషి కళ్లారా చూసిందా, మనసులో అనుకుందా అన్నది విన్నవాళ్లకు తెలిసే దారి అక్కడితో మూసుకుపోతుంది. ఊహ వార్తగా మారేది ఆ చోటే. ‘అట’ పోయి ‘వెళ్లిపోయింది’గా మారడం తర్వాతి మెట్టు. రాసే మెసేజ్‌లో అది ఇంకా తొందరగా పడిపోతుంది, ఎందుకంటే నలుగురినీ హెచ్చరించాలనుకున్న మనిషి సందేహంగా రాయడు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు గోర్డన్ ఆల్పోర్ట్, లియో పోస్ట్‌మన్ 1940ల్లో ఇదే సంగతిని ప్రయోగాలతో చూపించారు. ఒక బొమ్మ చూసినవాళ్లు దాన్ని చూడనివాళ్లకు వర్ణించి చెప్పాలి, వాళ్లు ఇంకొకరికి చెప్పాలి. ఐదారు నోళ్లు మారేసరికి వివరాల్లో దాదాపు 70 శాతం రాలిపోయాయి. మిగిలినవి మరింత పదునెక్కాయి. పోయిన ఖాళీని వినేవాళ్లు తమకు ముందే ఉన్న అభిప్రాయాలతో నింపుకున్నారు. ఒక బొమ్మలో తెల్లవాడి చేతిలో ఉన్న మంగలి కత్తి, చాలాసార్లు చెప్పుకుంటూ పోయేసరికి నల్లవాడి చేతిలోకి మారిపోయింది. మన ఉదాహరణలో రాలిపోయినవి ఏమిటో చూడండి. ఫ్రిజ్ ఒక్కటే, బీరువా ఒక్కటే అన్న లెక్క పోయింది. మంచం, గ్యాస్ సిలిండర్, వంట సామాను ఇంట్లోనే ఉన్నాయన్న సంగతి పోయింది. చూసింది ఒక్క మనిషే అన్నదీ పోయింది. ఖాళీలోకి వచ్చి కూర్చున్నది, చీటీలు ఎత్తేసి పారిపోయిన ఇంకెవరి కథో.

మంగళవారం పొద్దున్నే ఇంకో చిక్కు వచ్చింది. ఒకావిడ భర్తతో అంది: ‘ఒక్కరు కాదండీ, నలుగురూ అదే చెప్తున్నారు.’ నలుగురూ చెప్పారన్నది నిజమే. పక్కింటావిడ చెప్పింది, చెల్లెలు చెప్పింది, గ్రూపులో వచ్చింది, కిరాణా కొట్టతనూ అన్నాడు. కానీ ఆ నాలుగు దారులూ ఒకే కిటికీ దగ్గరికి వెళ్తాయి. సొంత ఊళ్లో అయితే చీటీ అక్క గురించి తెలుసుకోడానికి ఆమె పుట్టింటివాళ్లు, వియ్యంకులు, పొలం పక్కవాళ్లు వేర్వేరుగా దొరుకుతారు. బెంగళూరులో ఇరవై మందికీ ఉన్నది ఒకే వీధి, ఒకే గ్రూపు. అందుకే ఇక్కడ ఒక గొంతు నాలుగు గొంతుల్లా వినిపించడం తేలిక. దీన్ని పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. చెప్పిన ప్రతి ఒక్కరినీ ‘నీకెవరు చెప్పారు?’ అని అడిగి, ఆ చెప్పినవాళ్లనూ అదే అడగాలి. రెండు మూడు మెట్లలో అన్నీ ఒకే మనిషి దగ్గర ఆగితే, అది నలుగురి మాట కాదు, ఒకరి మాట.

పుకారు నడిపేవాళ్లంతా చెడ్డవాళ్లు అనుకోవడం కూడా సరికాదు. బెంగళూరు దీన్ని 2012 ఆగస్టులో కళ్లారా చూసింది. ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద రంజాన్ తర్వాత దాడులు జరుగుతాయని ఎస్ఎంఎస్‌లు తిరిగాయి. వేల మంది ఉద్యోగాలు వదిలేసి సిటీ రైల్వే స్టేషన్‌కు చేరి గువాహటి రైళ్లెక్కారు. ప్రత్యేక రైళ్లు నడపాల్సి వచ్చింది. ఒకేసారి పంపే ఎస్ఎంఎస్‌ల మీద కేంద్రం పదిహేను రోజులు పరిమితి పెట్టింది. ఆ మెసేజ్ పుట్టించినవాళ్ల ఉద్దేశం ఏమైనా కావచ్చు, దాన్ని తమ్ముడికి, స్నేహితురాలికి పంపినవాళ్లు ప్రేమతోనే పంపారు. హెచ్చరిక రూపంలో వచ్చే పుకారుకు ఉన్న బలం అదే. పంపకపోతే, రేపు నిజమైతే, నేను చెప్పలేదే అన్న బాధ మిగులుతుంది. పంపితే, అబద్ధమైతే, పోయేది ఏమీ లేదనిపిస్తుంది. పోయేది ఉంటుంది, కానీ అది పంపినవాళ్లది కాదు.

చీటీ లెక్కలో ఆ పోయేది ఏమిటో చూడవచ్చు. మంగళవారం ఆ నెల పాట. మిగిలినవాళ్లలో పెద్దాయన ఒకరు నడిపించారు. తగ్గింపు 12 వేలు పోయింది, కాబట్టి పాడుకున్నావిడకు 88 వేలు ఇవ్వాలి. తలా 600 డివిడెండ్ పోగా ఒక్కొక్కరు 4,400 కట్టాలి. అందరూ కడితే సరిగ్గా 88 వేలు వస్తుంది. కానీ ఎత్తనివాళ్లలో ఆరుగురు ‘ఆవిడ వచ్చి కనబడితేనే కడతాం’ అన్నారు. ఎత్తుకున్నవాళ్లలో ఐదుగురు కూడా అదే మాట పట్టుకున్నారు. వాళ్లకు ఆ పుకారు టెన్షన్ కాదు, ఊరట. పారిపోయిన మనిషికి బాకీ ఎందుకు కట్టాలి? తొమ్మిది మంది కట్టారు, 39,600 వచ్చింది. పాడుకున్నావిడ కూతురి కాలేజీ ఫీజు కోసం ఆ డబ్బు నమ్ముకుంది. ఆమెకు ఇవ్వాల్సిన దానిలో సగం కూడా లేదు.

బుధవారం చీటీ అక్క ఊరినుంచి దిగింది. ఆ 48,400 తేడా ఎక్కడినుంచి తేవాలి? అప్పటివరకూ పదినెలల్లో ఒక్కసారి కూడా ఆలస్యం చేయని మనిషి ఆ రోజు మొదటిసారి ‘వారం టైమివ్వండి’ అంది. ‘చూశారా, మేం చెప్పలేదూ!’ అన్నారు గ్రూపులో.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ఇలాంటి దానికి ఒక పేరు పెట్టాడు. తననుతాను నిజం చేసుకునే జోస్యం అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఆయన ఇచ్చిన ఉదాహరణ, బాగానే నడుస్తున్న బ్యాంకు దివాలా తీస్తోందన్న మాట నమ్మి అందరూ ఒకేసారి డబ్బు తీసుకోబోవడం, దాంతో బ్యాంకు నిజంగానే మూతపడటం. నైతికంగా ఇందులో భయపెట్టే సంగతి ఒకటుంది. మాట అబద్ధమైతే ఎప్పటికైనా బయటపడుతుంది అని మనం ధీమాగా ఉంటాం. ఇక్కడ అలా జరగదు. మాట తనకు కావాల్సిన సాక్ష్యాన్ని తానే తయారుచేసుకుంది. ఆరు నెలల తర్వాత ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే, ఎదురింటావిడ అనుమానం నిజమైనట్టే కనిపిస్తుంది.

మరి ఎదురింటావిడ నోరు మూసుకోవాల్సిందా? ఆమె డబ్బూ 43 వేలు ఆ చీటీలో ఉంది. నిజంగానే మోసం చేసి పోయేవాళ్లు ఉంటారు. ముందుగా వెళ్లి అడిగితే, మోసగాళ్లు నవ్వుతూ సమాధానం చెప్పి రాత్రికి రాత్రి జారుకుంటారు. కాబట్టి ‘ఏదైనా మొహం మీదే అడగాలి’ అన్న సూత్రం వినడానికి బాగుంటుంది గానీ, అన్నివేళలా సరిపోదు.

ఈ చిక్కు మీద మన చట్టం చెప్పేది తెలుసుకోదగ్గది. పరువునష్టం గురించి 1860 నాటి శిక్షాస్మృతిలో 499వ సెక్షన్‌గా ఉన్నది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా ఉంది. చాలామంది అనుకునేది ‘నిజమే కదా అన్నాను, తప్పేముంది’ అని. క్రిమినల్ చట్టంలో నిజం ఒక్కటే చాలదు. ఆ నిజాన్ని బయటపెట్టడం ప్రజల మేలుకు అవసరమై ఉండాలి. ఇంకోవైపు, తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడుకోడానికి సద్బుద్ధితో చెప్పిన మాటకు మినహాయింపు ఉంది. దానికి చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ ఒక కొట్టు యజమానిది. తన వ్యాపారం చూసుకునే మనిషితో ఆయన, ఫలానా అతను రొక్కం ఇస్తేనే సరుకు ఇవ్వు, అతని నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు అంటాడు. అది తప్పు కాదు. చట్టం దృష్టిలో సద్బుద్ధి అంటే మంచి మనసుంటే చాలదు, తగిన జాగ్రత్త కూడా తీసుకుని ఉండాలి.

ఆ కొట్టు యజమాని మాటలో మూడు సంగతులు ఉన్నాయి. ఆయన చెప్పింది ఆ సరుకు అమ్మే మనిషికి, బజారుకు కాదు. ‘నాకు నమ్మకం లేదు’ అని తన అభిప్రాయంగా చెప్పాడు, ‘వాడు దొంగ’ అనలేదు. విన్న మనిషి చేయాల్సిన పని కూడా చిన్నదే, అప్పు ఇవ్వకపోవడం. రేపు ఆ అనుమానం తప్పని తేలితే వెనక్కి తీసుకోవచ్చు.

ఎదురింటావిడకు కూడా ఇలాంటి దారి ఉంది. కొత్త చీటీలో చేరబోతున్న మరదలికి ‘ఆదివారం బండిలో ఫ్రిజ్, బీరువా వెళ్లడం చూశాను. ఎందుకో తెలియదు. ఈ వారం ఆగి చేరు’ అని చెప్పవచ్చు. అది ఒక్క మనిషిని ఒక్క వారం ఆపుతుంది, ఎవరినీ కూల్చదు. చీటీలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లతో చెప్పి, ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్లవచ్చు. తలుపు తాళం వేసి ఉంటే కిటికీలోంచి వంట సామాను కనిపిస్తుందో లేదో చూడటానికి నిమిషం పట్టదు. ఇంటి ఓనర్‌ను అడగవచ్చు. బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేయాలంటే ముందుగా నోటీసు ఇచ్చి అడ్వాన్స్ వెనక్కి తీసుకోవాలి. లీజుకు ఉంటే ఆ సొమ్ము లక్షల్లో ఉంటుంది. అడ్వాన్స్ ఓనర్ దగ్గరే ఉన్న మనిషి ఇల్లు ఖాళీ చేసి పోయిందనడం చాలా తొందరపాటు. అయితే ఓనర్‌ను అడిగే తీరులో కూడా జాగ్రత్త కావాలి. ‘పారిపోయారంట కదా’ అని అడిగితే అది ప్రశ్న కాదు, ఇంకో చెవికి పుకారు చేరవేయడం. ‘వాళ్లు ఊళ్లో ఉన్నారాండీ?’ అంటే చాలు.

గ్రూపులో పెట్టిన మెసేజ్ ఈ మూడు సంగతులనూ కాలరాసింది. ఇరవై మందికీ ఒకేసారి చేరింది. అందులో ఎత్తుకున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు ఆ హెచ్చరికతో కాపాడుకోవాల్సింది ఏమీ లేదు, లాభం మాత్రం ఉంది. పైగా చీటీ అక్క కూడా అదే గ్రూపులో సభ్యురాలు, కానీ మాట ఆమెతో కాదు, ఆమె గురించి. ‘అక్కా, ఎక్కడున్నారు, ఫోన్ కలవడం లేదు’ అని అదే గ్రూపులో రాసి ఉంటే, ఫోన్ చూసుకోగానే ఆమె ఇచ్చే ఒక్క వాక్యం జవాబుతో అది అయిపోయేది. లేని మనిషి మీద మాట ఎందుకు బరువైనదో ఇక్కడ తెలుస్తుంది. ఎదుట ఉన్న మనిషి మన ఊహను మొదటి మెట్టులోనే సరిదిద్దుతుంది. ఆ మనిషి లేనప్పుడు ఆ సరిదిద్దే పని విన్న ప్రతి ఒక్కరి మీదా పడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మంగళవారం మధ్యాహ్నానికి పుకారుకు ఒక తోక తగిలింది: ‘వాళ్లాయన తాగుతాడు కదా, అప్పులైపోయి ఉంటాయి.’ తాగుతాడన్నది నిజం. వీధి మొత్తానికీ తెలుసు. కానీ ఆ నిజం ఎవరి 43 వేలనూ కాపాడలేదు, అనుమానానికి కండపుష్టి ఇవ్వడానికే పనికొచ్చింది. ఇస్లాంలో ఈ తేడాకు రెండు పేర్లున్నాయి. లేని మనిషి గురించి ఆ మనిషికి నచ్చని నిజం చెబితే గీబత్, అబద్ధం చెబితే బుహతాన్. రెండూ తప్పే. నిజమన్న ఒక్క కారణంతో మొదటిదాన్ని వదిలేయలేదు. మనం మాత్రం ‘లేనిది చెప్పానా?’ అని అడిగి అక్కడితో ఆపేస్తాం.

గురువారం చెల్లెలి భర్త గ్రూపులో ‘సారీ, అక్క ఊరెళ్లారంట, మిస్టేక్ అయింది’ అని పెట్టాడు. ఆరుగురిలో ఇద్దరు కట్టారు. మిగతా నలుగురికి చీటీ అక్క మీద నమ్మకం తిరిగొచ్చింది గానీ, ఎత్తుకున్న ఐదుగురు కడతారన్న నమ్మకం లేదు. వాళ్లు కట్టకపోతే తమ డబ్బు మునుగుతుంది కాబట్టి వాళ్లూ ఆగారు. ఆ ఐదుగురు, ఎత్తనివాళ్లే కట్టనప్పుడు మేమెందుకు కట్టాలి అన్నారు. చీటీ అక్క గాజులు కుదువ పెట్టి ఆ నెల గట్టెక్కించింది. పదమూడో నెలకు చీటీ ఆగిపోయింది.

ఏడాది తర్వాత ఆ వీధికి కొత్తగా వచ్చిన ఒక జంట, చీటీ ఎవరి దగ్గర వేయవచ్చని పక్కింట్లో అడిగారు. చీటీ అక్క పేరు వచ్చింది. టాటా ఏస్ సంగతి, మదనపల్లె సంగతి ఎవరికీ గుర్తు లేదు. ‘ఆవిడ మంచిదే గానీ, అప్పట్లో ఏదో అయిందంట’ అన్నారు.